వంకరగా తీసిన ఫొటోలో త్రిభుజం

మధ్యాహ్నం అక్క కూతురు గ్రాఫ్ పేపర్ ఫొటో పంపింది. పక్కనుంచి తీసినట్టుంది, ఎడమవైపుకి పోయేకొద్దీ గడులు చిన్నవైపోయాయి. దాని మీద రెండు త్రిభుజాలు. ABC ని A'B'C' గా మార్చిన ఒకే ఒక్క పరివర్తన ఏదో పూర్తిగా వర్ణించమని ప్రశ్న.

"పిన్నీ, ఇది పరావర్తనమే కదా? కానీ రెండోది కాస్త చిన్నగా ఉందేంటి?" అని కింద రాసింది.

చిన్నగా కనిపించడం ఫొటో మహిమ. పక్కనుంచి తీస్తే సరళరేఖలు సరళరేఖలుగానే ఉంటాయి కానీ పొడవులు, కోణాలు, మధ్యబిందువులు మాత్రం చెడిపోతాయి. అందుకే స్క్రీన్ మీద స్కేలు పెట్టి కొలిచే పని పెట్టుకోకూడదు. గడులు కూడా బొమ్మతో పాటే మారాయి కాబట్టి వాటిని లెక్కపెడితే చాలు. AB మూడు గడులు, A'B' కూడా మూడు గడులే. పరిమాణం మారలేదు.

అక్షాల మీది అంకెలు చూసి శీర్షాలు రాయమన్నాను. A(2, 1), B(5, 1), C(5, 3). రెండో త్రిభుజానికి A'(-1, 0), B'(-1, 3), C'(-3, 3). రుణ గుర్తుల దగ్గర కాస్త తటపటాయించింది కానీ సరిగ్గానే రాసింది.

దానికి పరావర్తనం అనిపించడానికి కారణం C. C, C' రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయి, సరిగ్గా మధ్యలో x = 1 గీత. అక్కడ అద్దం పెట్టినట్టే కనిపిస్తుంది. కానీ అదే అద్దంలో A(2, 1) ని చూస్తే (0, 1) దగ్గర పడాలి. మన A' అక్కడ లేదు. ఒక్క బిందువు కుదిరినంత మాత్రాన ఏదీ తేలదు.

ఇంతకన్నా త్వరగా తేల్చే ఉపాయం ఇంకోటుంది. A నుంచి B కి, అక్కడినుంచి C కి వేలితో తిప్పాలి. మొదటి త్రిభుజంలో వేలు అపసవ్య దిశలో తిరిగింది. రెండోదాంట్లోనూ అటే తిరిగింది. పరావర్తనమైతే ఈ దిశ తిరగబడి తీరాలి. ఫొటో ఎంత వంకరగా ఉన్నా ఈ పరీక్ష చెడదు. పైగా AB అడ్డంగా ఉంటే A'B' నిలువుగా ఉంది, కాబట్టి ఉత్త స్థానాంతరణం కూడా కాదు. మిగిలింది భ్రమణమే.

కాసేపటికి ఇంకో జవాబు వచ్చింది. "మూలబిందువు చుట్టూ 90° అపసవ్య దిశలో తిప్పి, 2 యూనిట్లు కిందికి జరిపితే సరిపోయింది!"

చూస్తే నిజమే. (2, 1) తిరిగి (-1, 2) అవుతుంది, రెండు కిందికి దిగితే (-1, 0). B, C కూడా కుదిరాయి. పిల్ల బుర్ర బాగానే పనిచేసింది, నాకు ముచ్చటేసింది. కానీ ప్రశ్నలో ఒకే పరివర్తన అని ఉంది కదా. ఇలా రెండు రాస్తే మార్కులు పోతాయి. 90° తిప్పి, ఆపైన ఎటు జరిపినా ఆ మొత్తం ఇంకో కేంద్రం చుట్టూ తిప్పిన 90° భ్రమణమే అవుతుంది. ఆ కేంద్రాన్ని పట్టుకోవాలి.

కేంద్రం నుంచి C కి, C' కి దూరం సమానం. కాబట్టి అది CC' లంబ సమద్విఖండన రేఖ మీద, అంటే ఇందాకటి x = 1 గీత మీదే ఉంటుంది. అద్దం కాకపోయినా ఆ గీత పనికొచ్చింది! ఇక BB' తీసుకుంటే మధ్యబిందువు (2, 2). ఇది నిరూపకాలతో లెక్కగట్టిందే, ఫొటోలో సగం కొలిచింది కాదు. B నుంచి B' కి 6 ఎడమకి, 2 పైకి. దానికి లంబంగా పోవాలంటే 1 ఎడమకి, 3 కిందికి. (2, 2) నుంచి అలా ఒక్క అడుగు వేస్తే (1, -1). అది x = 1 మీదే ఉంది.

సరిచూడటం దాని చేతే చేయించాను. (1, -1) నుంచి A కి 1 కుడికి, 2 పైకి. A' కి 2 ఎడమకి, 1 పైకి. అడ్డం నిలువైంది, నిలువు అడ్డమైంది, కుడి పైకి మళ్ళింది, పై ఎడమకి మళ్ళింది. 90° అపసవ్య దిశ అంటే అదే.

జవాబులో మూడూ ఉండాలని చెప్పాను: కేంద్రం (1, -1), కోణం 90°, దిశ అపసవ్యం. సాయంత్రం దాని నోట్సు ఫొటో వచ్చింది. "270° సవ్య దిశ" అని రాసి, పక్కన "ఇదీ ఒకటేగా పిన్నీ?" అని. ఒకటే. ఈసారి ఫొటో మాత్రం పైనుంచి తిన్నగా తీసింది.