తొమ్మిదా, ఎనిమిదిన్నరా?

తగ్గింపులో వచ్చిందని తొమ్మిదో నంబర్ లెదర్ షూ కొనేశా. నడిస్తే మడమ జారుతోంది. "వాడగా సెట్ అవుతుంది సార్" అన్నాడు షాపతను. లెదర్ వాడేకొద్దీ సాగుతుంది గానీ బిగుస్తుందా!

పలచటి ఇన్‌సోల్ వేస్తే పాదం పైన ఖాళీ తగ్గింది. మడమ వెనక హీల్ గ్రిప్ అంటిస్తే జారడమూ చాలావరకు ఆగింది. అయినా సాయంత్రానికి వేళ్ల మొదట్లో ఒకటే నొప్పి. చూస్తే, నా బొటనవేలి కీలు వంగేచోట కాక, కాస్త ముందుకి మడత పడుతోంది షూ. అంటే లూజు కాదు, పొడవే ఎక్కువ. దానికి ఏ మెత్తా పనిచేయదు.

ఎనిమిదిన్నర తెచ్చుకున్నా. పొడవులో తేడా 4 మిల్లీమీటర్లే, మడత మాత్రం సరిగ్గా కీలు మీదే పడుతోంది. ఆ ఇన్‌సోల్ పాత స్పోర్ట్స్ షూలో వేశా. దానికి పొడవు సరిపోయింది, లోపలే కాస్త వదులు. అందులో భేషుగ్గా కుదిరింది.