స్టూలెక్కకుండా మామిడి తోరణం: అమ్మావాళ్లింట్లో ఇప్పటిదాకా అయిన పని

పండగంటే నా టెన్షనంతా ఆ స్టూలు గురించే. తోరణం కట్టడానికి నేనుంటాను గానీ, ఆకులు ఎండి ముడుచుకుపోయేసరికి ఉండను. "ఎండిన తోరణం గుమ్మానికి వేలాడితే బాగుండదురా" అంటుంది అమ్మ. వెంటనే నాన్న స్టూలెక్కుతారు. అందుకని తోరణాన్నే కిందికి దించే ఏర్పాటు చేశాను. బాల్కనీలో బట్టలారేసే పుల్లీ హ్యాంగర్ పద్ధతే ఇది.

గుమ్మం పైన గోడకి, రెండు చివర్లా డ్రిల్ చేయించి ప్లగ్గులు, రింగు స్క్రూలు బిగించాం. వడ్రంగి ఒక్కసారి నిచ్చెనెక్కాడు, అంతే. మా దోమల తలుపు బయటికి తెరుచుకుంటుంది. ఆకుల కొసలు దాని పైఅంచుకి తగలకుండా రింగులు జానెడు పైకి పెట్టించాను.

సన్నటి నైలాన్ తాళ్లు రెండు. తోరణం ఎడమ చివర కట్టిన తాడు ఎడమ రింగులోంచి పైకెళ్లి, అడ్డంగా కుడి రింగుదాకా వచ్చి కిందికి దిగుతుంది. కుడి చివర తాడు కుడి రింగులోంచి నేరుగా దిగుతుంది. తోరణం సమంగా ఉన్నప్పుడు రెండు తాళ్లనీ కలిపి ముడేశాను. ఒక పక్క వాలిందంటే ముడి జారినట్టే. నూలు తాడైతే తడికి ఉబ్బి రింగులో పట్టేస్తుంది.

తోరణం కిందికొస్తే ముడి పైకెళ్లి చేతికందదు. అందుకే ముడి కింద ఇంకో మూడున్నర అడుగుల తాడు వదిలాను. తోరణం పైకెళ్లాక ఆ తాడు నేలమీద పడి కాళ్లకి చుట్టుకోకూడదు. నడుము ఎత్తులో ఒకదాని కింద ఒకటి రెండు కొక్కేలు పెట్టి, వాటికి ఎనిమిది అంకెలా చుట్టేస్తే సరిపోతుంది.

ఉగాదికి బాగానే పనిచేసింది. కానీ ఆకులు ఎండి తేలికైపోయాక, తాడు వదిలినా తోరణం దిగలేదు. వినాయక చవితికి రెండు చివర్లా బంతిపూల వెనక చిన్న ఇనప నట్టు కట్టాను. ఇప్పుడు తాడు వదులు చేస్తే చాలు, అమ్మ ఛాతీ ఎత్తుకి దిగి వచ్చేస్తోంది. కుర్చీలో కూర్చుని ఆకు తొడిమ వైపు దారం మీదికి మడిచి, కొబ్బరి ఈనె గుచ్చి, తనే పైకి లాగేసుకుంటోంది. ఈ పని తన చేతిమీద జరగడమే నాకు ముఖ్యం.

ముగ్గు కూడా కాస్త పక్కకి జరిగింది. నున్నటి టైల్స్ మీద పిండి రాలితే కాలు జారుతుంది, స్టిక్కర్ ముగ్గయితే అంచులు లేచి వేళ్లకి తగులుతాయి. నడిచే దారి వదిలేసి, పక్కనున్న సిమెంటు అరుగు మీద పెయింటుతో వేశాను. దీపాలూ ఆ అరుగు మీదే, చీర కుచ్చిళ్లకి అందకుండా గోడవైపు.

దీపావళికి సీరియల్ సెట్టు మిగిలింది. ఎక్స్‌టెన్షన్ బాక్సు గడప దాటకుండా ఉండాలంటే బయట గోడకి, చేతికందే ఎత్తులో, మూతున్న ప్లగ్ పాయింటు కావాలి. ఎలక్ట్రీషియన్‌కి చెప్పాను.