పైథాగరస్ అట్టముక్కలు: మూడు ఆదివారాల పని

మొదటి ఆదివారం

మాది పర్లాకిమిడి. మా అమ్మాయి ఒడియా మీడియంలో ఎనిమిదో తరగతి. తను "సమకోణ త్రిభుజం" అనగానే మూడు కోణాలూ సమానంగా ఉన్నదేమో అనుకున్నాను. "కాదు నాన్నా, ఒడియాలో సమకోణం అంటే 90 డిగ్రీలు" అంది. అంటే మన లంబకోణ త్రిభుజమే. కర్ణం మాత్రం రెండు భాషల్లోనూ కర్ణమే. కర్ణం మీద గీసిన చతురస్రం వైశాల్యం, మిగతా రెండు భుజాల మీది చతురస్రాల వైశాల్యాల మొత్తానికి సమానం అన్న పైథాగరస్ సిద్ధాంతాన్ని అట్టముక్కలతో తేల్చుకుందామనుకున్నాం.

పాత శుభలేఖల అట్టతో, లంబకోణం పక్కనున్న భుజాలు 6, 8 సెంటీమీటర్లు పెట్టి ఒకేలాంటి త్రిభుజాలు నాలుగు కత్తిరించాం. కాగితం మీద 14 సెంటీమీటర్ల చతురస్రం గీసి, నాలుగు మూలల్లో నాలుగూ పెట్టాం. మధ్యలో వాలుగా 10 సెంటీమీటర్ల చతురస్రం ఖాళీగా మిగిలింది. అంతా బాగా కుదిరింది కానీ, పక్కింటి అబ్బాయి "6, 8, 10 కాబట్టి కుదిరింది మావయ్యా, వేరేవైతే?" అన్నాడు. సరైన ప్రశ్న.

రెండో ఆదివారం

ఈసారి 6, 9. గీసిన చతురస్రం భుజం 15. మొదట ముక్కలు ఒకదాని మీదకొకటి ఎక్కాయి. చూస్తే ఒక త్రిభుజం బోర్లా పడింది. దాంతో ఒక వైపు 9, 9 వచ్చి 18 అయింది, ఉన్నదేమో 15. అప్పట్నుంచి ముక్కలకు ఒకవైపే రంగు వేస్తున్నాం, తిరగబడితే వెంటనే తెలుస్తుంది. నాలుగు వైపులా 6 తర్వాత 9 వరసగా రావాలి.

మధ్య ఖాళీ నిజంగా చతురస్రమేనా? దాని నాలుగు భుజాలూ కర్ణాలే, కాబట్టి సమానం. కోణం సంగతి కంటితో తేల్చకూడదు. అమ్మాయి ఒక త్రిభుజం తీసి, దాని రెండు సన్నని కోణాలనూ రెండు రంగుల పెన్సిళ్లతో దిద్దింది. ఆ రెండూ కలిపి 90. పెద్ద చతురస్రం అంచు మీద రెండు త్రిభుజాలు కలిసే చోట ఒకదాని ఎరుపు కోణం, ఇంకొకదాని నీలం కోణం పక్కపక్కన వచ్చాయి. సరళరేఖ మీద మొత్తం 180, అందులో ఇవి 90 పోతే ఖాళీకి 90 మిగిలింది. ఈ మాట ఏ లంబకోణ త్రిభుజానికైనా చెల్లుతుంది. రుజువుకు ప్రాణం ఇక్కడే ఉంది.

తర్వాత అవే ముక్కలను రెండేసి కర్ణాల దగ్గర కలిపి 6, 9 దీర్ఘచతురస్రాలు రెండు చేశాం. ఒకటి పై కుడి మూలలో నిలువుగా, ఇంకొకటి కింద ఎడమ మూలలో అడ్డంగా పెట్టాం. మిగిలిన ఖాళీలు 6 చతురస్రం ఒకటి, 9 చతురస్రం ఒకటి. చట్రమూ అదే, ముక్కలూ అవే, కాబట్టి ఖాళీ వైశాల్యమూ అంతే: 36 + 81 = 117. వాలుగా ఉన్నప్పటి ఖాళీ కూడా, పెద్ద చతురస్రం వైశాల్యంలోంచి నాలుగు ముక్కలది తీసేస్తే, 225 - 108 = 117. కర్ణం స్కేలు మీద 10.8 చూపించింది. 10.8 వర్గం 116.64. స్కేలుతో అంతకంటే దగ్గరకు రాలేం, అందుకే కొలతతో కాకుండా కోణాలతో తేల్చాం.

మూడో ఆదివారం

అబ్బాయి లంబకోణం కాస్త తప్పిన త్రిభుజాలు నాలుగు తెచ్చాడు. మొదటిది మూలలో పెట్టగానే అంచుకీ అట్టకీ మధ్య సన్నటి సందు కనిపించింది. మిగతా మూడూ పెట్టకుండానే పక్కన పడేశాడు.