రివ్యూ 24న, ఆయాసం ఇప్పుడే: డేటు ముందుకు తెచ్చుకున్న తీరు

మా బాపుకు గుండె పంపింగ్ తక్కువ. వయసు 67. ఉండేది పరకాల దగ్గరి ఊళ్లో, చూపించేది హన్మకొండలో ఒక ప్రైవేటు క్లినిక్‌లో. ఆ డాక్టర్ గారు మంగళ, గురు, శని సాయంత్రాలు మాత్రమే ఓపీ చూస్తారు. రివ్యూ 24న ఉంది. 9వ తారీఖు సోమవారం నాటికే అక్కడి దాకా ఆగే పరిస్థితి లేదని అర్థమైంది. ఈ జబ్బులో ఏం చెబితే క్లినిక్ వాళ్లు డేటు మారుస్తారో, ఏం చెబితే మార్చరో ఆ ఒక్క రోజులోనే తెలిసింది.

పొద్దున పదిన్నరకు ఫోన్ చేసి, "మేడం, మా బాపుకు జర ఎక్కువైంది, డేటు ముందుకు జరపరాదుండ్రి" అన్నాను. "24 తర్వాత అంటే 28న ఉంది సార్" అంది రిసెప్షన్ అమ్మాయి. ముందుకు జరపడం అంటే కొందరికి దగ్గరి రోజుకు తేవడం, కొందరికి ఇంకా అవతలికి నెట్టడం. రిసెప్షన్‌లో "ప్రీపోన్" అంటే వెంటనే అర్థమవుతుంది, లేదంటే "24 కంటే ముందే కావాలి" అని తేదీ పెట్టి చెప్పాలి. నేను సరిచేసి చెప్పాక కూడా జవాబు మారలేదు: "అన్నీ ఫుల్ సార్."

ఆ అమ్మాయిది తప్పు కాదు. పదింటికీ పన్నెండింటికీ నడుమ ఆమె ముందు టోకెన్ల వాళ్లు నిలబడి ఉంటారు, ఫోన్ చేసే ప్రతి ఒక్కరూ "ఎక్కువైంది" అనే అంటారు. ఎవరిని ముందు చూడాలో తేల్చే అధికారం ఆమెకు లేదు, అది డాక్టర్‌ది. ఆమె చేయగలిగింది మన మాటను సిస్టర్‌కో డాక్టర్‌కో చేర్చడం. అలా చేర్చాలంటే ఆ మాట చిన్నగా ఉండాలి, అంకెలతో ఉండాలి, మధ్యలో చెప్పేవాళ్లు మారినా అర్థం మారకుండా ఉండాలి.

ఈ జబ్బులో అన్నిటికన్నా గట్టి అంకె బరువు. గుండె సరిగ్గా పంప్ చేయనప్పుడు ఒంట్లో నీరు నిలుస్తుంది. లీటరు నీరంటే దాదాపు కిలో బరువు. పాదాల వాపు కంటికి కనబడేసరికే ఒంట్లో లీటర్ల కొద్దీ నీరు చేరి ఉండొచ్చు, అందుకని వాపు కన్నా ముందు కాటానే చెబుతుంది. మూడు రోజుల్లో రెండు కిలోలు దాటి పెరిగితే డాక్టర్‌కు చెప్పాలన్నది గుండె డాక్టర్లు సాధారణంగా చెప్పే లెక్క. తూచే పద్ధతి మాత్రం రోజూ ఒకటే ఉండాలి: పొద్దున లేచి, మూత్రానికి పోయి వచ్చాక, చాయ్ కూడా తాగకముందు, అదే కాటా మీద, అంతే బరువున్న బట్టలతో. కాటా బండల మీద పెట్టాలి. చాప మీదో, ఎగుడుదిగుడు నేల మీదో పెడితే తప్పు చూపిస్తుంది. క్యాలెండర్‌లో మేం రాసుకున్నవి ఇవి: శుక్రవారం 61.4, శనివారం 62.1, ఆదివారం 62.8, సోమవారం 63.6.

రెండోది దిండ్లు. పడుకుంటే కాళ్లల్లో ఉన్న నీరు పైకి వచ్చి ఊపిరితిత్తుల మీద భారం పడుతుంది, కూర్చుంటే తగ్గుతుంది. అందుకే "దమ్ము వస్తుంది" అనే మాటకన్నా "ఒక దిండుతో పడుకునే మనిషికి ఇప్పుడు మూడు కావాలి" అనే మాటకు డాక్టర్ చెవి పెడతారు. రాత్రి నిద్రలోంచి ఆయాసంతో లేచి కూర్చుంటే అది ఇంకా పెద్ద గుర్తు, గంటతో సహా చెప్పాలి. మూడోది నడక: పోయిన వారం మూలమలుపు హోటల్ దాకా పోయి వచ్చిన మనిషి ఈ రోజు బాత్రూం దాకా పోయి ఆగితే, ఆ రెండూ పక్కపక్కన చెబితే చాలు. వాపును కూడా అంచనాగా చెప్పకుండా మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో అయిదు సెకన్లు ఒత్తి చూడాలి. గుంట పడి వెంటనే నిండకపోతే అది నీటి వాపే.

మందుల దగ్గర నేను కొంచెం తడబడ్డాను. "మందులు ఏమీ మారలేదు" అని రాసి పెట్టాను, బాపు అట్లాగే చెప్పాడు కనుక. మళ్లీ అనుమానం వచ్చి అంగీ జేబులో చూస్తే కాగితం పొట్లంలో కత్తెరతో కోసిన గోలీల ముక్క దొరికింది. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఇచ్చేవి ఇలాగే ఉంటాయి, పేరు సగం తెగిపోయి. మిగిలిన సగం మీద "ఫెనాక్ 50" అని ఉంది. ఫోన్ చేసి అడిగితే డైక్లోఫెనాక్ అన్నాడు, మోకాళ్ల నొప్పికి గురువారం నుంచి రోజుకు రెండు. ఈ రకం నొప్పి గోలీలు కిడ్నీల మీద పనిచేసి ఒంట్లో ఉప్పునూ నీటినీ ఆపుతాయి, నీరు పోవడానికి వేసే గోలీ బలాన్నీ తగ్గిస్తాయి. గుండె పంపింగ్ తక్కువున్న వాళ్లు వీటిని వాడకూడదు. పెద్దవాళ్ల లెక్కలో నొప్పి గోలీ మందు కిందికి రాదు, కాబట్టి "ఏం మందులు వేసుకుంటున్నవ్" అని అడిగితే సరిపోదు. "మోకాళ్లకు, నడుముకు ఏమన్నా మింగినవా" అని విడిగా అడగాలి. ఉప్పు ఎక్కువుండే ఊరగాయ, ఉప్పు చేపల సంగతీ అంతే, విడిగానే అడగాలి.

మధ్యాహ్నం ఒకటిన్నరకు, క్లినిక్‌లో రద్దీ సద్దుమణిగే వేళ, మళ్లీ ఫోన్ చేశాను. ఈసారి స్లాట్ అడగలేదు. "మేడం, ఒక చిన్న మెసేజ్ పంపిస్తాను, సిస్టర్‌కు గానీ డాక్టర్ గారికి గానీ చూపిస్తరా? నేను మళ్లీ ఎన్ని గంటలకు చేయాలె?" అన్నాను. క్లినిక్ వాట్సాప్ నంబరు ఇచ్చింది, నాలుగింటికి చేయమంది. తిరిగి ఎప్పుడు చేయాలో వాళ్ల నోటితోనే చెప్పించుకుంటే రెండోసారి ఫోన్ చేసినప్పుడు విసుక్కోరు. పంపింది ఇది:

"నమస్తే మేడం. పేషెంటు పేరు, ఫైల్ నంబరు చీటీ ఫోటోలో ఉన్నాయి. వయసు 67, గుండె పంపింగ్ తక్కువ. రివ్యూ 24న ఉంది.

శుక్రవారం నుంచి ఈ రోజుకు బరువు 61.4 నుంచి 63.6 కిలోలకు పెరిగింది. ఒక దిండుతో పడుకునేవారు, ఇప్పుడు మూడు కావాలి. నిన్న రాత్రి 2 గంటలకు ఆయాసంతో లేచి కూర్చున్నారు. బాత్రూం దాకా నడిస్తే ఆగాల్సి వస్తోంది. రెండు కాళ్లకూ వాపు, ఒత్తితే గుంట పడుతోంది.

ఇప్పుడు కూర్చుని ఉంటే బీపీ 138/84, నాడి 96, ఆక్సిజన్ 95. ఛాతీ నొప్పి లేదు, మాట్లాడగలుగుతున్నారు.

మీరు రాసిన మందులు మానలేదు. గురువారం నుంచి మోకాళ్లకు డైక్లోఫెనాక్ 50 రోజుకు రెండు వేసుకున్నారు.

రేపు మంగళవారం ఓపీలో చూపించే వీలుంటుందా? లేకపోతే అప్పటిదాకా ఏం చేయమంటారో డాక్టర్ గారిని అడిగి చెప్పగలరు. 24వ తారీఖు టోకెన్ అలాగే ఉంచండి."

ఏ బాధలు లేవో కూడా రాయడం వల్లనే సిస్టర్‌కు పని తేలికవుతుంది. ఛాతీ నొప్పి లేదు అని రాయకపోతే ఆమె ఫోన్ చేసి అడగాలి, ఫోన్ చేసే తీరిక దొరక్కపోతే మెసేజ్ పక్కన పడుతుంది. డేటు తొందరగా రావాలని లేని నొప్పి ఉందని రాస్తే పని చెడుతుంది. "ఛాతీ నొప్పి" అనగానే ఓపీ మాట పోయి నేరుగా క్యాజువాలిటీకి పొమ్మంటారు, అనడమే సరైనది కూడా. పాత టోకెన్‌ను కొత్తది చేతికి వచ్చేదాకా రద్దు చేయించుకోవద్దు. ఆక్సిజన్ చూసే క్లిప్ చల్లటి వేళ్ల మీద తక్కువ చూపిస్తుంది, కాబట్టి చేతులు రుద్ది, ఒక నిమిషం ఉంచి, అంకె నిలిచాకే రాసుకోవాలి.

ఇదంతా కూర్చుంటే ఊపిరి ఆడే మనిషి సంగతి. కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే, ఒక మాట పూర్తిగా అనలేకపోతే, ఛాతీ నొప్పి వస్తే, స్పృహ తప్పితే, పెదాలు నీలంగా మారితే, గులాబీ రంగు నురగ పడితే, ఆక్సిజన్ 90 కిందికి పోతే అపాయింట్‌మెంట్ ఊసే వద్దు. 108కి చేయాలి. ఆ దశలో హన్మకొండ దాకా బస్సులో గంట ప్రయాణం పెట్టుకోకూడదు.

నాలుగింటి దాకా ఆగనక్కర్లేకుండా మూడుంబావుకే సిస్టర్ ఫోన్ చేసింది. నొప్పి గోలీ ఈ పూట నుంచే ఆపమన్నారు. రాత్రి పడుకోలేనంత దమ్ము వస్తే పొద్దుటిదాకా చూడకుండా క్యాజువాలిటీకి తేవాలన్నారు. లేకపోతే మంగళవారం అయిదింటికి రావాలి. నీరు పోయే గోలీని నా అంతట నేను పెంచనా అని అడిగితే వద్దంది. డాక్టర్ ముందే రాసిచ్చి ఉంటే తప్ప అది పెంచకూడదు, పొటాషియం, కిడ్నీ లెక్కలు చూడకుండా పెంచితే అవి తలకిందులవుతాయి. "టెస్టులు ఏమన్నా ముందే చేయించుకుని రావాలెనా?" అని నేను అడిగాకే కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్, దాంతోపాటు సోడియం, పొటాషియం చెప్పింది. ఈ ప్రశ్న అడగడం వల్ల ఒక పూట కలిసొచ్చింది: పొద్దున పరకాలలోనే రక్తం ఇచ్చి, మధ్యాహ్నానికి రిపోర్టు చేతిలో పెట్టుకుని బయల్దేరాం. లేకుంటే అయిదింటికి డాక్టర్‌ను చూసి, రక్తం ఇచ్చి, రిపోర్టుకు మళ్లీ ఇంకోరోజు రావాల్సి వచ్చేది.

సిస్టర్ వీల్లేదని ఉంటే అడగడానికి రెండు మాటలు సిద్ధంగా ఉంచుకున్నాను. ఎవరైనా రద్దు చేసుకుంటే ఫోన్ చేస్తారా అన్నది ఒకటి, మంగళవారం డ్యూటీ డాక్టర్ అయినా చూస్తారా అన్నది ఇంకోటి. రెండోదే ఎక్కువ పనికొస్తుంది. బరువు, కాళ్లు, ఊపిరితిత్తుల శబ్దం డ్యూటీ డాక్టర్ చూసి పెద్ద డాక్టర్‌కు ఫోన్‌లో చెప్పినా మందు మారుతుంది.

మంగళవారం ఈసీజీ తీశారు. క్రియాటినిన్ పోయినసారి 1.1 ఉంటే ఇప్పుడు 1.4, పొటాషియం 4.9. నీరు పోయే ఇంజెక్షన్ ఇచ్చి మూడు గంటలు పడుకోబెట్టారు, గోలీ మోతాదు మార్చి రాశారు, మోకాళ్లకు పైపూత ఒకటి, వేడి కాపడం చెప్పారు. నాలుగు రోజులకు బరువు 61.6కు వచ్చింది, దిండ్లు ఒకటికి దిగాయి. వెళ్లేముందు నేను అడిగి రాయించుకున్నది ఒకటుంది: మళ్లీ ఎంత బరువు దాటితే ఫోన్ చేయాలి, ఎవరి పేరు అడగాలి. ఓపీ చీటీ వెనక డాక్టర్ గారు "62.5 దాటితే ఫోన్" అని రాసి కింద సిస్టర్ పేరు రాశారు. ఆ చీటీ ఇప్పుడు కాటా పైన గోడకు అంటించి ఉంది.