ఓఈటీ రెండోసారి రాస్తున్నప్పుడు వచ్చిన ఆఫర్ లెటర్

బ్రిటన్‌లో నర్సుగా చేరాలని, ఆరోగ్య రంగంలో పనిచేసేవాళ్లకు పెట్టే ఇంగ్లిష్ పరీక్ష ఓఈటీ రాశాను. మొదటిసారి నాకు లిజనింగ్‌లో, స్పీకింగ్‌లో బి, రైటింగ్‌లో సి ప్లస్ వచ్చాయి. బ్రిటన్ నర్సింగ్ కౌన్సిల్ ఎన్‌ఎంసీ రైటింగ్‌కు సి ప్లస్ చాలంటుంది, మిగతా మూడింటికి బి అడుగుతుంది. నా రీడింగ్ 330 దగ్గర ఆగిపోయింది. బి రావాలంటే 350 కావాలి.

ఆ వారంలోనే అమీర్‌పేటలోని ఒక కన్సల్టెన్సీ నుంచి ఫోను వచ్చింది. ఇంగ్లిష్ పరీక్షతో పని లేదని, ఇంగ్లండ్‌లోని ఒక ఆసుపత్రి ఆఫర్ లెటర్ సిద్ధంగా ఉందని, మూడున్నర లక్షలు కడితే వీసా తామే చూసుకుంటామని చెప్పారు. రెండు రోజుల్లో నా పేరుతో లెటర్ కూడా పంపారు. నిజం చెప్పాలంటే దాన్ని చూసి అమ్మ ఏడ్చేసింది. గొలుసు తాకట్టు పెడదామంది.

ఆ లెటర్‌ను మా నర్సింగ్ కాలేజీ పాత విద్యార్థుల గ్రూపులో ఒక సీనియర్‌కు పంపాను. ఆ అక్క ఇంగ్లండ్‌లో వార్డు నర్సు. పంపిన మెయిల్ చిరునామా ఏమిటని ఆమె ముందుగా అడిగింది. అందులో ఎన్‌హెచ్‌ఎస్ అనే అక్షరాలున్నాయి గానీ చివర .com ఉంది. అక్కడి ప్రభుత్వ ఆసుపత్రుల మెయిళ్లు nhs.uk తోనో nhs.net తోనో ముగుస్తాయి.

తర్వాత జీతం చూసింది. చేరిన రోజు నుంచే బ్యాండ్ 5, అంటే రిజిస్టరైన నర్సుకు ఇచ్చే జీతం స్థాయి, అని రాసి ఉంది. విదేశీ నర్సులు అక్కడికి వెళ్లాక ఓస్కీ అనే ప్రాక్టికల్ పరీక్ష పాసై, రిజిస్ట్రేషన్ నంబరు వచ్చేదాకా సాధారణంగా అంతకంటే కింది బ్యాండ్ జీతమే ఇస్తారట. ఈ సంగతి అక్కడ పనిచేసేవాళ్లకు తప్ప ఎవరికి తెలుస్తుంది? పైగా నన్ను ఎవరూ ఇంటర్వ్యూ చేయలేదు. అసలైన ఇంటర్వ్యూలో రోగి బీపీ పడిపోతుంటే మొదట ఏం చేస్తావు, ఎవరిని పిలుస్తావు అని అడుగుతారు. లెటర్‌లోని నంబరును పక్కన పెట్టి, ఆ ఆసుపత్రి వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకు అక్క ఫోను చేసింది. నా పేరుతో వాళ్లు ఏ ఆఫరూ ఇవ్వలేదు.

డబ్బు సంగతి కూడా అప్పుడే తెలిసింది. నియామకం కోసం నర్సు దగ్గర ఫీజు తీసుకోకూడదని బ్రిటన్ నియమావళి చెబుతుంది. మన దేశంలో లైసెన్సున్న ఏజెంటు తీసుకోదగిన సేవా రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ. లైసెన్సు ఉందో లేదో emigrate.gov.in లో పేరు వెతికితే తెలుస్తుంది. నాకు ఫోను చేసినవాళ్ల పేరు అందులో లేదు. సౌదీ, కువైట్ వైపు చూసేవాళ్లు తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లో ముందు అడగండి.

నా రూమ్మేట్ కష్టం వేరు. ఆమె ఎన్‌ఎంసీ ఖాతాను ఒక ఏజెంటు తన మెయిల్‌తో తెరిచాడు. ఫలితాలు, నోటీసులు అన్నీ అతనికే వెళ్లేవి. పాస్‌వర్డ్ అడిగితే ఇంకో 40,000 కట్టమన్నాడు. ఆమె పాస్‌పోర్టు కాపీ జతచేసి ఎన్‌ఎంసీకి స్వయంగా రాసి, మెయిల్ మార్పించుకునేసరికి ఆరు వారాలు గడిచాయి. ఖాతా మీ మెయిల్‌తో, మీ ఫోను నంబరుతో మీరే తెరవండి. ఫారం నింపడానికి సాయం కావాలంటే పక్కన కూర్చోబెట్టుకోండి, పాస్‌వర్డ్ మాత్రం చెప్పకండి.

ఇక రీడింగ్. నన్ను ముంచింది పార్ట్ ఎ. ఒకే జబ్బు మీద నాలుగు చిన్న పాఠాలు, 20 ప్రశ్నలు, 15 నిమిషాలు. సమయం అయిపోగానే ఆ భాగం ముగిసిపోతుంది, మళ్లీ వెనక్కి వెళ్లలేం. నేను నాలుగు పాఠాలూ మొదటి నుంచి చివరిదాకా చదివి ఆరు నిమిషాలు పోగొట్టుకునేదాన్ని. రెండోసారి పద్ధతి మార్చాను. ముందు శీర్షికలు, పట్టికలు మాత్రం చూసి, ఏ పాఠం దేని గురించో గుర్తుపెట్టుకోవడం; తర్వాత ప్రశ్న చదివి, సమాధానం ఏ పాఠంలో ఉంటుందో అక్కడికే వెళ్లడం. నైట్ డ్యూటీ విరామంలో ఐసీయూలోని మందుల పెట్టెల్లో ఉండే కాగితాలు నాలుగు ముందు పెట్టుకుని, ఫోనులో 15 నిమిషాలు పెట్టి ఇదే సాధన చేశాను. డోసు ఎక్కడ, ఎవరికి ఇవ్వకూడదో ఎక్కడ అని వేలు పెట్టి వెతికేదాన్ని. సమాధానం పాఠంలో ఉన్న మాటనే, అదే స్పెల్లింగుతో రాయాలి. ఒక్క అక్షరం తప్పినా మార్కు పోతుంది.

రెండోసారి రీడింగ్ 370 వచ్చింది. స్పీకింగ్ మాత్రం 340కి జారింది. మూడోసారి రాయాలేమోనని కూలబడిపోయాను. అప్పుడు అక్కే చెప్పింది: 12 నెలల లోపు రాసిన రెండు పరీక్షల ఫలితాలను ఎన్‌ఎంసీ కలిపి తీసుకుంటుంది. రెండుసార్లూ నాలుగు భాగాలూ రాసి ఉండాలి, రైటింగ్ కాక మిగతా మూడింటిలో ఏదీ సి ప్లస్ కంటే తగ్గకూడదు. నావి సరిగ్గా సరిపోయాయి.

ఎన్‌ఎంసీ రిజిస్ట్రేషన్ కోసం రాయాల్సిన కంప్యూటర్ పరీక్ష సీబీటీకి 83 పౌండ్లు నా కార్డుతో నేనే కట్టాను. అమ్మ గొలుసు అమ్మ మెడలోనే ఉంది. ఇప్పుడు రోజూ డ్యూటీ దిగాక డ్రిప్ రేట్లు, డోసు లెక్కలు చేస్తున్నాను. లెక్కల భాగంలో 15 ప్రశ్నలకు అరగంట ఇస్తారు.