డ్రిప్ రిగ్, నాలుగో వారం: ఆ ఐదు సెంటీమీటర్లు దొరికాయి

మూడు ఆదివారాలు తిన్న లెక్క ఇది. పోయిన ఆదివారం రాత్రి పదకొండింటికి, బాల్కనీ గ్రిల్‌కి వేలాడుతున్న సెలైన్ బాటిల్‌ని చూసి మా ఆవిడ "దాన్ని విప్పేస్తారా, నన్ను విప్పేయమంటారా" అంది. మారతహళ్లిలో మాది రెండో అంతస్తు. ఎదురింటి వాళ్లు మా ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదనుకుని రెండుసార్లు పరామర్శకు వచ్చారు కూడా.

కొత్తగా చదివేవాళ్లకు ఒక్క మాట. మా మేనకోడలు ఇక్కడే బీఎస్సీ నర్సింగ్ రెండో ఏడాది. బాటిల్ ఎత్తు తగ్గితే చుక్కలు ఎంత తగ్గుతాయో కంటితో చూపిద్దామని దీన్ని కట్టాను. ఖాళీ ప్లాస్టిక్ బాటిల్లో కుళాయి నీళ్లు, మిల్లీలీటరుకు 20 చుక్కలు పడే మామూలు డ్రిప్ సెట్, చివర 20 గేజ్ కాన్యులా, అదే, గులాబీ రంగుది. ఇవన్నీ నీళ్ల ఆటకే. వీటిలో ఒక్కటి కూడా మనిషి దగ్గరికి వెళ్లదు.

కాన్యులాని నేరుగా మగ్గులోకి వదిలితే ఎత్తుకి తగ్గట్టు చుక్కలు పడ్డాయి. ఆ సంబరం రెండో వారంతో సరి.

తర్వాత నరం పెట్టాను. నరం అంటే ఒక ప్లాస్టిక్ డబ్బా. అడుగున పక్కగా బెజ్జం వేసి కాన్యులా దూర్చి ఎం-సీల్ పెట్టాను. కాన్యులాకి సరిగ్గా 15 సెంటీమీటర్ల పైన ఇంకో బెజ్జం. నీళ్లు అక్కడిదాకా నిండి పొర్లిపోతాయి, కాబట్టి కాన్యులాకి ఎదురొత్తిడి ఎప్పుడూ 15 సెంటీమీటర్ల నీళ్లే. పాదరసం లెక్కలో దాదాపు 11 మిల్లీమీటర్లు, చేతి నరంలో ఉండదగ్గ ఒత్తిడే. ఈ ఎదురొత్తిడిని దాటిన ఎత్తే చుక్కల్ని నడుపుతుంది. బాటిల్లో నీటిమట్టం కాన్యులాకి 90 సెంటీమీటర్ల పైన ఉంటే పని చేసేది 75 మాత్రమే.

90 దగ్గర రోలర్ క్లాంప్‌ని నిమిషానికి 30 చుక్కలకు పెట్టాను. ఇక దాన్ని ముట్టుకోకుండా బాటిల్‌ని 15 చొప్పున దించుతూ, ప్రతిచోటా ఐదు నిమిషాలు లెక్కపెట్టాను. రావాల్సినవి 150, 120, 90, 60, 30. వచ్చినవి 150, 118, 86, 54, 21.

తేడా మొదట రెండు చుక్కలు, చివరికి తొమ్మిది. లెక్కపెట్టడంలో పొరపాటైతే ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ రావాలి కదా. ఇది వరసగా ఒకే వైపుకి జారుతోంది.

మొదటి అనుమానం బాటిల్ మీద. ఈ గట్టి ప్లాస్టిక్ బాటిళ్లు సంచిలా పూర్తిగా ముడుచుకోవు. నీళ్లు పోయినకొద్దీ లోపల గాలి పలచబడి చుక్కల్ని వెనక్కి లాగుతుంది. అందుకని పైభాగంలో ముందే సూది గుచ్చి ఉంచాను. ఇంకో సూది గుచ్చినా మార్పు లేదు. (వార్డుల్లో ఇలా సూది గుచ్చడం నేనూ చూశాను, నాకు నచ్చదు. వడపోత లేని గాలి నేరుగా మందులోకి పోతుంది. గాలిదారికి ఫిల్టర్ ఉన్న సెట్‌కి నాలుగు రూపాయలు ఎక్కువైనా అదే మేలు.)

రెండో అనుమానం క్లాంప్. ఇది నిజంగానే దొంగ. చక్రం కింద నలిగిన గొట్టం మెల్లగా సర్దుకుంటుంది, మనం ముట్టకపోయినా చుక్కలు మారతాయి. 150కి పెట్టి అరగంట ఆగి చూస్తే 146. అందుకే ఈసారి క్లాంప్ పెట్టి గంటసేపు వదిలేసి, మళ్లీ సరిచేసి, కింది నుంచి పైకి కొలిచాను. క్లాంప్ తప్పైతే వరస తిరగబడాలి. తిరగబడలేదు, మళ్లీ అవే అంకెలు.

మూడోది చుక్క సైజు. వంటింటి త్రాసులో వంద చుక్కలు 5 గ్రాములు తూగాయి. అదీ కాదు.

అప్పుడు గ్రాఫ్ కాగితం మీద చుక్కలు పెట్టి గీత గీశాను. స్కేలు పెట్టినట్టు వచ్చింది! కానీ ఆ గీత సున్నాని తాకింది 15 దగ్గర కాదు, 20 దగ్గర. అంటే ఎక్కడో ఐదు సెంటీమీటర్ల ఎత్తు ఊరికే పోతోంది. గొట్టంలో ఘర్షణ అనుకుందామా అంటే, ప్రవాహం తగ్గినకొద్దీ ఘర్షణా తగ్గాలి. ఇది చుక్కలు ఆగిపోయే దగ్గర కూడా అలాగే ఉంది.

మా శిరీష డ్రిప్ చాంబర్‌కి మొహం ఆనించి చూస్తూ అడిగింది: "మామయ్యా, చుక్క ఇక్కడ గాల్లో పడుతోంది కదా. మరి పైన ఉన్న నీళ్లు కింద నీళ్లని ఎలా నొక్కుతున్నాయి?"

అదీ సంగతి. పై నీళ్ల ఒత్తిడి చాంబర్‌లోని గాలి ద్వారా కిందికి అందుతుంది, అందులో లోటు లేదు. కానీ చుక్క రాలే మొన నుంచి చాంబర్‌లో నీటిమట్టం దాకా ఉన్నది గాలి. అంతమేర నీళ్ల బరువు లేదు. టేపు మీద మాత్రం నేను దాన్నీ కలిపి కొలుస్తున్నాను. చుక్కలు బాగా కనబడాలని చాంబర్‌ని తక్కువ నింపాను. స్కేలు పెడితే ఆ ఖాళీ సరిగ్గా ఐదు సెంటీమీటర్లు.

రుజువు కోసం బాటిల్‌ని 30 దగ్గరే ఉంచి, చాంబర్ నొక్కి నీటిమట్టం రెండు సెంటీమీటర్లు పెంచాను. 21 చుక్కలు 25 అయ్యాయి. "చాంబర్ సగం నింపండి" అని మేడమ్ చెప్పేది గొట్టంలోకి గాలి పోకుండా ఉండటానికే అనుకున్నానంది శిరీష. ముఖ్య కారణం అదే, నిజమే. పైన 90 దగ్గరైతే ఈ నాలుగు చుక్కలు 150లో ఎవరికీ కనబడవు.

వార్డులో దీనికంటే ఎక్కువ కనబడేవి రెండున్నాయి. నా రిగ్‌లో 15 సెంటీమీటర్లకు నిమిషానికి ఆరు చుక్కలకు పైనే తేడా. రోగి లేచి కూర్చున్నప్పుడు చెయ్యి అంత పైకి వెళ్తే 30 కాస్తా 23, 24 అవుతుంది. సూది పైన గుచ్చిన 500 మిల్లీలీటర్ల బాటిల్ ఖాళీ అయ్యేలోపు నీటిమట్టం దించేదీ దాదాపు అంతే. అందుకే ఐదున్నర గంటల్లో అవ్వాల్సింది ఆరు దాటుతుంది. మొదట్లో ఒకసారి లెక్కపెట్టి వెళ్లిపోతే చాలదు.

ఇక గొట్టం. దీన్నీ ఎత్తులోకి మార్చి చెబితే పిల్లలకి తేలిగ్గా ఎక్కుతోంది. నిమిషానికి 30 చుక్కల దగ్గర, లోపలి వెడల్పు 3 మిల్లీమీటర్లున్న మీటరు పొడుగు ఎక్స్‌టెన్షన్ తగిలిస్తే అది తినే ఎత్తు మిల్లీమీటరుకి కాస్త ఎక్కువ, అంతే. అదే పొడుగు, వెడల్పు 1 మిల్లీమీటరైతే? మూడో వంతు వెడల్పుకి ఘర్షణ మూడింతలు కాదు, మూడుని నాలుగుసార్లు గుణించినంత, 81 రెట్లు. దాదాపు తొమ్మిది సెంటీమీటర్ల ఎత్తు హాంఫట్. పొడుగు రెట్టింపైతే మాత్రం నష్టం రెట్టింపే. క్లాంప్ చేసేదీ ఇదే పని: ఒక్కచోట గొట్టాన్ని సన్నం చేసి ఎత్తులో ఎక్కువ భాగం తనే మింగేస్తుంది. క్లాంప్ పూర్తిగా తెరిస్తేనే కాన్యులా సైజు పెత్తనం మొదలవుతుంది. ఇంకా సన్నటి 22 గేజ్ పెట్టి చూశాను, ధార అనుకున్నట్టే బాగా తగ్గింది.

వచ్చే వారం గంటకి ఇన్ని మిల్లీలీటర్లని అంకెలున్న డయల్ రెగ్యులేటర్ పట్టిస్తాను. ఆ అంకెలు ఏదో ఒక ఎత్తుకే నిజమవ్వాలి, ఆ ఎత్తు ఎంతో చూడాలి. బాల్కనీలో కాదు, శిరీష వాళ్ల పీజీ టెర్రస్ మీద. ఇంట్లో గ్రిల్ మీద బట్టలు ఆరేశారు.