కింద పప్పు, పైన అన్నం: హాస్టల్ గదిలో ఒక్క కుక్కర్ వంట

జూన్

విశాఖ మద్దిలపాలెంలో మేముండే హాస్టల్‌లో గ్యాసు కుదరదు కానీ ఇండక్షన్ పెట్టుకోవచ్చు. కరెంటు మీటరు గదికి వేరేగా ఉంది కాబట్టి ఆంటీ ఏమీ అనరు. సామాను తక్కువే. ఇండక్షన్, మూడు లీటర్ల స్టీలు కుక్కర్, అందులో పట్టే మూత ఉన్న గిన్నె, దాని కింద పెట్టడానికి చిన్న స్టాండు, అడుగు చదునుగా ఉన్న మూకుడు, పప్పుగుత్తి, చాకు. కుక్కర్ కొనేటప్పుడు ఒక అయస్కాంతం జేబులో వేసుకెళ్లడం మంచిది. అడుగున గట్టిగా అతుక్కుంటేనే ఇండక్షన్ మీద పనిచేస్తుంది. మామూలు అల్యూమినియం కుక్కర్ పెడితే ఇండక్షన్ కీచుమని ఆగిపోతుంది.

వంట కంటే ముందు చూసుకోవాల్సింది ప్లగ్గు. ఫోన్ ఛార్జర్ పెట్టే చిన్న పాయింటు 6 ఆంపియర్లది. 230 వోల్టులకి లెక్క వేస్తే 1380 వాట్లు, అంతకు మించి లాగకూడదు. ఇండక్షన్ ఫుల్‌లో పెడితే 2000 దాకా లాగుతుంది. మా గదిలో ఏసీ లేదు గానీ ఏసీ కోసం వేసిన 16 ఆంపియర్ల పెద్ద పాయింటు ఉంది, అక్కడే పెట్టాం. అయినా వాడేది 1000 వాట్లే. పక్క గదివాళ్లు కన్వర్టర్ తగిలించి చిన్న పాయింటులో నడుపుతున్నారు. వాళ్లకి చెప్పింది ఒకటే: పది నిమిషాలయ్యాక ప్లగ్గు మీద చెయ్యి పెట్టి చూడండి, వేడిగా ఉంటే ఆపేయండి. వంట అయ్యాక ఇండక్షన్ లోపలి ఫ్యాను కాసేపు తిరుగుతుంది. అది ఆగేదాకా ప్లగ్గు పీకకూడదు.

జూలై

ఒకే పొయ్యి ఉన్నప్పుడు అన్నం వండి, తర్వాత పప్పు వండితే రెండోది దిగేసరికి మొదటిది చల్లారిపోతుంది. అందుకే రెండూ ఒకేసారి, కింద పప్పు, పైన అన్నం. ఇప్పుడు కుదిరిన కొలతలు ఒక మనిషికి ఇవి. గ్లాసు అంటే సుమారు 150 మిల్లీలీటర్ల స్టీలు గ్లాసు.

కందిపప్పు అర గ్లాసు, అంటే దాదాపు 60 గ్రాములు, అరగంట ముందే నానబెట్టాలి. సోనా మసూరి బియ్యం ఒక గ్లాసు, ఇరవై నిమిషాలు నానితే చాలు. పప్పుని నేరుగా కుక్కర్‌లో వేసి రెండు గ్లాసుల నీళ్లు, పసుపు, రెండు పచ్చిమిర్చి, ఒక చుక్క నూనె, తరిగిన తోటకూర రెండు గుప్పిళ్లు. నూనె ఎందుకంటే పప్పు నురగ పొంగి విజిల్ గొట్టంలోకి వెళ్లకుండా. దీని మీద స్టాండు, స్టాండు మీద అన్నం గిన్నె. బియ్యానికి నీళ్లు ఒకటికి రెండు కంటే కొంచెం తక్కువ. గిన్నెకి మూత తప్పకుండా ఉండాలి. లేకపోతే పై మూత నుంచి నీళ్లు కారి పైపొర ముద్దవుతుంది, పప్పు చిమ్మి అన్నం మీద పసుపు చుక్కలు పడతాయి.

1000 వాట్ల మీద మొదటి విజిల్ రావడానికి పది, పన్నెండు నిమిషాలు. అప్పుడు 600కి తగ్గించి పన్నెండు నిమిషాలు, తర్వాత ఆపేసి ఆవిరి దానంతట అది దిగేదాకా వదిలేయాలి. విజిళ్లు లెక్కపెట్టడం నేను మానేశాను. గ్యాసు మీద సిమ్‌లో పెడితే మంట సన్నగా ఒకేలా ఉంటుంది. మా ఇండక్షన్ తక్కువ వాట్లలో కొన్ని క్షణాలు గట్టిగా వేడెక్కి, కొన్ని క్షణాలు పూర్తిగా ఆగుతుంది. అందుకే విజిల్ ఒకోసారి వెంటవెంటనే వస్తుంది, ఒకోసారి అసలు రాదు. ఫోన్‌లో టైమర్ పెట్టుకుంటే టెన్షన్ లేదు.

పప్పు ఉడికిందో లేదో రంగు చూసి చెప్పలేం. ఒక బద్ద తీసి వేళ్ల మధ్య నలిపితే మధ్యలో పలుకు తగలకుండా వెన్నలా జారిపోవాలి. పలుకు తగిలితే చాలాసార్లు కారణం చింతపండు. పులుపు ఉన్న నీళ్లలో పప్పు ఎంతసేపు పెట్టినా సరిగ్గా మెత్తబడదు. టమాటా, గోంగూర కూడా అంతే. అందుకే తోటకూర, పాలకూర అయితే ముందే పప్పుతో వేస్తాను. గోంగూర అయితే మూకుట్లో విడిగా మగ్గబెట్టి, చింతపండు అయితే రసం తీసి, పప్పు ఎనిపిన తర్వాత కలిపి ఒక పొంగు రానిస్తాను. ఉప్పు కూడా అప్పుడే.

ఆగస్టు

పోపు దగ్గర ఇండక్షన్‌కి ఇంకో పేచీ ఉంది. ఇంట్లో వాడే చిన్న పోపు గరిటె దాని మీద పెడితే గిన్నె ఉన్నట్టే గుర్తించదు. అడుగు కనీసం పది, పన్నెండు సెంటీమీటర్లు ఉండాలి. అందుకే మూకుడు. కానీ పల్చటి స్టీలు మూకుట్లో రెండు చెంచాల నూనె 1000 మీద క్షణాల్లో పొగలు కక్కుతుంది, ఆవాలు చిటపటలాడే లోపే మాడతాయి. 500 మీద పెట్టి నూనె కాగాక ఆవాలు, అవి ఆగాక మినపప్పు, జీలకర్ర, ఎండుమిర్చి, దంచిన వెల్లుల్లి. మినపప్పు రంగు మారడం మొదలవగానే ఆపేయాలి. మూకుడు వేడికే మిగతాది వేగిపోతుంది. కరివేపాకు, ఇంగువ ఆపేశాకే. పోపు పప్పులో వంపి, మూకుడికి అంటుకున్న నూనెలోనే గుడ్డు కొట్టి పోస్తే అట్టు. గుడ్లని అన్నంతోపాటు కుక్కర్‌లో పెట్టి చూశాం. అంతసేపు ఉడికితే పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ వలయం వచ్చి రబ్బరులా అవుతుంది, నాకు నచ్చలేదు.

ఈ పళ్లెంలో ప్రొటీన్ లెక్క కూడా వేశాను. కందిపప్పులో నూటికి 22 గ్రాములు, అంటే మన అర గ్లాసులో 13. బియ్యం నుంచి 9 దాకా, గుడ్డు నుంచి 6. మొత్తం 28. ఐసీఎంఆర్ చెప్పే లెక్క కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాములు, 55 కిలోల మనిషికి 46. సగం పైన ఒక్క పూటలో వచ్చేస్తుంది. బియ్యం ప్రొటీన్‌లో తక్కువగా ఉండే లైసిన్ అనే భాగం పప్పు ప్రొటీన్‌లో దండిగా ఉంటుంది, కాబట్టి రెండూ కలిపి తినడమే లాభం. తోటకూరలోని ఇనుము ఒంటికి పట్టాలంటే పళ్లెంలోనే నిమ్మకాయ పిండుకుంటే మేలు, తిన్న వెంటనే టీ తాగకపోతే ఇంకా మేలు. ఈ రెండోది మా గదిలో ఇంకా అమలు కాలేదు.

ఆకుకూర ఎంవీపీ కాలనీ రైతుబజారులో ఉదయం తెచ్చి ఆ రాత్రికే వండేస్తాను. ఫ్రిజ్ లేదు, ఈ ఉక్కపోతలో మిగిలిన పప్పు పొద్దున్నకి నిలవదు. పైన బుడగలు కనిపించినా, గరిటె ఎత్తితే తీగ సాగినా పారబోయడమే. కందిపప్పు కూడా సముద్రపు తేమకి తొందరగా పురుగు పడుతుంది. అరకిలోకి మించి కొనకుండా, బిగుతు మూత డబ్బాలో నాలుగు ఎండుమిర్చి వేసి పెడుతున్నాను.

కరెంటు పూటకి సుమారు మూడో వంతు యూనిట్ అవుతోంది. మా రూమ్మేట్ మాత్రం మూత తీయగానే "ఏటి, మళ్లీ పప్పేనా?" అంటున్నాడు. అందుకని ఈ వారం ఉలవలు తెచ్చాను. ఉలవలు రాత్రంతా నానాలి, కుక్కర్‌లో కూడా అరగంట పైనే పట్టేట్టుంది. అంతసేపు పైన పెడితే అన్నం చిమిడిపోతుంది. కాబట్టి ముందు ఉలవలు ఒక్కటే ఉడికించి, ఆవిరి దిగాక మూత తీసి, నీళ్లు చూసుకుని, అప్పుడు స్టాండు మీద బియ్యం గిన్నె దించుదామని ఆలోచన. నానబెట్టేశాను, రేపు రాత్రి వండాలి.